‘వస్తడు’కు దీర్ఘం పెట్టాలా?

అచ్చుకు వెళ్లబోయే కథలో ఒక తల్లి కొడుకుతో మాట్లాడుతోంది. ఆమె మాటల్లో ఒకచోట ‘వస్తడు’ అని ఉంది. ప్రూఫులు దిద్దేవారికి అలవాటైన రూపం ‘వస్తాడు’. ఎర్ర సిరా కలం క్షణంలో ఒక దీర్ఘం గీసేస్తుంది. కంప్యూటరు మీద అయితే ఆ పదం కింద ఎర్రగీత ముందే పడి ఉంటుంది. ఆ తల్లిది కరీంనగర్ వైపు పల్లె అయితే, ఆ దిద్దుబాటుతో ఆమె నోరు మారిపోయినట్టే. ఇంకో పది పేజీల్లో ఇంకో ఇరవై దీర్ఘాలు పడితే, ఆమె ఎక్కడి మనిషో పాఠకుడికి అంతుబట్టదు.

దీనికి ఎదురుగా ఇంకో ప్రమాదం ఉంది. దాని గురించి మనం తక్కువ మాట్లాడుకుంటాం. కథ మాండలికంలో ఉందని తెలియగానే ప్రూఫులు చూసేవారు భయపడి చేతులెత్తేస్తారు. “యాస కదా, అలాగే ఉండనీ” అనుకుంటారు. అప్పుడు టైపింగులో జారిన అక్షరాలన్నీ యాస పేరుతో పుస్తకంలోకి వెళ్లిపోతాయి. ఆ ప్రాంతపు పాఠకుడు చదివి, “మేమిట్ల ఎన్నడన్నం?” అని నొచ్చుకుంటాడు. యాసను చెరిపేయడం ఎంత అన్యాయమో, తప్పును యాసగా చలామణి చేయడమూ అంతే అన్యాయం. మాండలికానికి కట్టుబాట్లు లేవని, ఎలా రాసినా చెల్లుతుందని ఒప్పుకున్నట్టే కదా అది!

కట్టుబాట్లు ఉన్నాయి, గట్టిగానే ఉన్నాయి. ఏది యాసో, ఏది తప్పో తేల్చడానికి మనకున్న మొదటి ఆధారం అవే.

‘వస్తడు’నే తీసుకుందాం. తెలంగాణ మాటలో అది ఒంటరి పదం కాదు, దాని వెంట ఒక వరుస ఉంటుంది. నేను వస్త, మేం వస్తం, నువ్వు వస్తవు, మీరు వస్తరు, ఆయన వస్తడు, ఆమె వస్తది. కోస్తా వరుసలో వస్తాను, వస్తాం, వస్తావు, వస్తారు, వస్తాడు అని ఎక్కడెక్కడ దీర్ఘం ఉందో, ఇక్కడ సరిగ్గా అక్కడక్కడ అది లేదు. పోతడు, చేస్తడు, తింటడు, చెప్తడు కూడా ఇదే బాటలో నడుస్తాయి. కాబట్టి కథలో ‘వస్తడు’ కనిపిస్తే దాన్ని ఒక్కదాన్నే పట్టుకుని తప్పా ఒప్పా అని అడగకూడదు. అదే మనిషి ఇంకోచోట ‘పోతరు’, ‘చేస్తవ్’ అన్నదా లేదా అని వెతకాలి. వరుస మొత్తం కలిసి నడుస్తుంటే అది భాష. వరుసంతా దీర్ఘాలతో ఉండి, ఒక్క ‘వస్తడు’ మాత్రమే పొట్టిగా ఉంటే అది వేలు జారిన అక్షరం కావచ్చు.

జరిగిపోయిన పనిని చెప్పేటప్పుడు ఇంకా జాగ్రత్త కావాలి. ‘వచ్చిండు’, ‘వచ్చిన్రు’ అనేవి తెలంగాణవని ఇప్పుడు చాలామందికి తెలుసు. సినిమాలూ టీవీలూ ఆ మేలు చేశాయి. ‘నేను నిన్న వచ్చిన’ అనే వాక్యం దగ్గరే చాలామంది ప్రూఫ్‌రీడర్లు తడబడతారు. కోస్తా చెవికి ‘వచ్చిన’ అనేది సగం మాట, ‘వచ్చిన మనిషి’లోని విశేషణం. వాక్యం తెగిపోయిందనుకుని, ‘వచ్చాను’ అనో, ‘వచ్చినాను’ అనో పూర్తిచేస్తారు. ఆ వాక్యంలో లోటేమీ లేదు. తెలంగాణలో ఉత్తమ పురుష అలాగే ముగుస్తుంది: నేను చూసిన, నేను తిన్న, నేను చెప్పిన. అసంపూర్తి వాక్యమని అనుమానం వస్తే ముందు కర్తను చూడాలి. కర్త ‘నేను’ అయి, వాక్యం అక్కడే ఆగితే అది నిండు వాక్యమే.

ఇప్పుడు ఒక సంభాషణను అక్షరం అక్షరం పరీక్షించి చూద్దాం. ఇది ఏ కథలోదీ కాదు, ఈ వ్యాసం కోసం రాసిందే. మాట్లాడుతున్నది పైన చెప్పిన తల్లే.

“పొద్దటి సంది సూస్తున్న బిడ్డా. మీ నాయిన ఇంక ఇంటికి రాలే. యాడికి వోయిండో ఏమో! వొద్దుగాల బాయికాడికి పోత అన్నడు. గిప్పుడు వస్తాడు, గప్పుడు వస్తడు అనుకుంట వాకిట్ల కుసున్న. నువ్వు సుత ఇంట్లనే ఉంటే ఎట్ల? జర పోయి చూసిరా.”

తెలంగాణ మాట తెలియని ప్రూఫ్‌రీడరు దీన్ని చూస్తే దాదాపు ప్రతి పదం కిందా గీత గీయాల్సి వస్తుంది. అందుకే ముందు తేలిపోయేవాటిని తీసి పక్కన పెట్టుకోవాలి. ‘సంది’ అంటే నుంచి, ‘సుత’ అంటే కూడా, ‘జర’ అంటే కాస్త. ఇవి విడి మాటలు. తెలంగాణ పదకోశంలో వెతికితే దొరుకుతాయి. నలిమెల భాస్కర్ కూర్చిన ‘తెలంగాణ పదకోశం’ ఇలాంటి అవసరానికే పనికొస్తుంది. ‘వాకిట్ల’, ‘ఇంట్ల’ అన్నప్పుడు ‘లో’ అనే విభక్తి ‘ల’గా మారింది. రెండుచోట్లా ఒకేలా మారింది కాబట్టి అనుమానం అక్కర్లేదు. ‘గిప్పుడు’, ‘గప్పుడు’, ‘ఎట్ల’, ‘రాలే’ కూడా ఈ జట్టులోవే.

మిగిలిన వాటిలో మొదటి చిక్కు ‘వోయిండో’. పోయిండు అనాల్సిన చోట ‘వో’ ఎందుకొచ్చింది? తెలుగు లిపిలో ‘ప’కూ ‘వ’కూ తేడా తలకట్టు అతుకులోనే ఉంది. ఒకటి వేయబోయి ఇంకోటి వేయడం, ఒకటి చూసి ఇంకోటి అనుకోవడం అచ్చు పనిలో నిత్యం జరిగేదే. అందుకని ఇది టైపింగు తప్పని చటుక్కున తీర్మానించేయవచ్చు. అలా చేస్తే పొరపాటు. వెనక మాటను చూడండి: ‘యాడికి’. దాని చివర అచ్చు ఉంది. అలాంటి మాట తర్వాత వచ్చే క, చ, ట, త, ప లు మెత్తబడడం తెలుగులో పాతకాలం నుంచీ ఉంది. బళ్లో చదివిన గసడదవాదేశ సంధి ఇదే. ‘ప’ మెత్తబడితే ‘వ’ అవుతుంది. కావ్యాల్లోనే ఉంటుందని మనం అనుకునే ఆ సంధి తెలంగాణ పల్లెల్లో రోజూ వినపడుతుంది: ఎటు వోతున్నవ్, ఇంటికి వోయిండు. ‘ఏం జేస్తున్నవ్’లో ‘చే’ ‘జే’ అయిందీ ఈ మెత్తబడే గుణం వల్లే. కాబట్టి ‘యాడికి వోయిండో’ అనేది తప్పు కాకపోవడమే కాదు, రచయిత చెవి ఎంత శ్రద్ధగా పనిచేసిందో చూపే గుర్తు.

తరువాతి వాక్యం మొదట్లో ‘వొద్దుగాల’ ఉంది. ‘పొద్దుగాల’ అంటే తెల్లవారుజామున, ఉదయాన్నే. ఇక్కడా ‘ప’ ‘వ’ అయింది కదా, ఇదీ సంధేనా? కాదు. ఇది వాక్యానికి తొలి మాట. దాని ముందు ఆశ్చర్యార్థకం ఉంది, మాట్లాడే మనిషి అక్కడ ఆగింది. ఆగి మళ్లీ మొదలుపెట్టినప్పుడు మెత్తబరచడానికి వెనక ఏ మాటా ఉండదు. పైగా ఆమే మొదటి వాక్యాన్ని ‘పొద్దటి సంది’ అంటూ ‘ప’తోనే మొదలుపెట్టింది. ‘వొద్దు’ అంటే చాలామంది పాఠకులకు ‘అక్కర్లేదు’ అనే అర్థమూ తోస్తుంది. ఇది ఆకారం పోలిక వల్ల వచ్చిన అచ్చుతప్పే. దిద్దాలి. ఒకే పేరాలో, పక్కపక్క వాక్యాల్లో, ఒకే అక్షరం ఒకచోట భాష, ఇంకోచోట తప్పు. ‘వో’ కనిపించిన చోటల్లా ‘పో’ చేసేయమని కంప్యూటరుకు చెప్తే ఏమవుతుందో దీన్నిబట్టి ఊహించవచ్చు.

దీనిలోంచి పనికొచ్చే ఒక పరీక్ష బయటికి వస్తుంది. అనుమానం వచ్చిన అక్షరం అసలు అక్షరానికి చెవిలో దగ్గరా, కంట్లో దగ్గరా? మాండలికం నోట్లో పుడుతుంది. అందుకే దాని మార్పులన్నీ ధ్వనిలో దగ్గరవి: చ-స, వ-అ, ళ-ల, ణ-న, దీర్ఘం-హ్రస్వం. అచ్చుతప్పు చేతిలోనో కంట్లోనో పుడుతుంది కాబట్టి అది ఆకారంలో దగ్గరది. ‘మ’ బదులు ‘వు’, ‘ఘ’ బదులు ‘ఫు’ కనిపిస్తే ఏ ప్రాంతపు యాసా దాన్ని సమర్థించదు. పాత డీటీపీ ఫాంట్లలో కూర్చిన కథను యూనికోడ్‌లోకి మార్చినప్పుడు ఒత్తులు ఊడిపోవడం, గుణింతాలు తారుమారు కావడం కూడా ఈ రకమే. ప-వ, డ-ద లాంటి జంటలు మాత్రం రెండు వైపులా దగ్గరే. అక్కడ వెనక మాటను చూడక తప్పదు.

మన పేరాలో మూడో చిక్కు ‘గిప్పుడు వస్తాడు, గప్పుడు వస్తడు’. ఒకే ఊపిరిలో ఒకే క్రియ రెండు రూపాల్లో ఉంది. ముందున్న ‘అన్నడు’, ‘పోత’ రెండూ పొట్టి వరుసవే కాబట్టి జారింది ‘వస్తాడు’ అని తేలుతుంది. ఇక్కడ గమనించాల్సిందేమిటంటే, ఈ పేరాలో పుస్తక భాష లెక్కన ‘సరిగ్గా’ ఉన్న పదమే తప్పు. ఇలాంటిది చాలావరకు టైపు చేసేవారి అలవాటు వల్లో, ఫోనులోని కీబోర్డు తనంతట తాను పదాన్ని పూర్తిచేయడం వల్లో వస్తుంది. అక్షరదోషాల కోసం వెతికే కన్ను దీని మీద ఆగనే ఆగదు. అందుకే మాండలిక సంభాషణలో పుస్తక రూపాల కోసం విడిగా ఒకసారి వెతకాలి.

‘కుసున్న’ సంగతి కాస్త కష్టం. తెలంగాణలో ఎక్కువగా వినపడేది ‘కూసున్న’. కొన్ని నోళ్లలో ఆ ‘కూ’ పొట్టిగానూ పలుకుతుంది. పదకోశం చూసి ఒక్కమాటలో తేల్చేది కాదు. కథలోనే సాక్ష్యం వెతకాలి. తల్లి వేరేచోట ‘కూసో బిడ్డా’ అనీ, ‘కూసోండ్రి’ అనీ అని ఉంటే ఇక్కడ ‘కు’ పొరపాటు. కథలో ఈ క్రియ ఇదొక్కసారే వచ్చి ఉంటే దిద్దే హక్కు మనకు లేదు, రచయితను అడగాలి.

‘సూస్తున్న’, ‘చూసిరా’ల సంగతి కూడా అంతే. ఒకే ధాతువు, ఒకే నోరు, రెండు రకాలు. మనుషులు నిజంగా ఇలాగే మాట్లాడతారు, ఒక పూటలోనే రెండు రకాలుగానూ అంటారు. కథ టేప్‌రికార్డరు కాదు కనుక రచయిత సాధారణంగా ఒకదాన్ని ఎంచుకుంటాడు. ‘బాయికాడికి పోత’ దగ్గరా ఇదే ప్రశ్న వస్తుంది. అక్కడా వెనక అచ్చే ఉంది, మరి ‘వోత’ ఎందుకు కాలేదు? ఈ మెత్తబడడం ప్రతిసారీ జరిగి తీరాల్సింది కాదు, మాట వేగాన్ని బట్టి జరుగుతుంది. కాబట్టి అది తప్పనడానికి వీల్లేదు. నేనైతే ఈ రెంటినీ మార్చను. అంచున పెన్సిలుతో ప్రశ్నార్థకం పెట్టి రచయితకు పంపుతాను.

మొత్తం మీద ఏడు చిన్న వాక్యాల్లో ఖాయంగా దిద్దాల్సినవి రెండు, అడగాల్సినవి మూడు. మిగిలినదంతా ముట్టుకోకూడనిదే.

పేరా ఒకటైతే ఇలా మనసులోనే చూసుకోవచ్చు. పదిహేను పేజీల కథకు కాగితం కావాలి. ప్రతి పాత్రకూ ఒక పట్టీ రాసుకోవాలి. ఆ పాత్ర నోటి నుంచి వచ్చిన క్రియారూపాలు, ‘లో’, ‘నుంచి’, ‘కూడా’ లాంటి చిన్న మాటలు, పిలుపులు ఎదురైనప్పుడల్లా పేజీ నంబరుతో ఎక్కించాలి. ఇది విసుగు పుట్టించే పనే. కానీ పట్టీ సగం నిండేసరికి ఆ మనిషి మాటల కట్టు కళ్లెదుట నిలబడుతుంది. తర్వాత ఎక్కడ ఏ పదం ఆ కట్టు దాటినా ఇట్టే కనపడుతుంది. కథనాన్ని ఈ పట్టీలో కలపకూడదు. చాలామంది రచయితలు కథనాన్ని పత్రికల భాషలో నడిపి, యాసను కొటేషన్ల లోపలే ఉంచుతారు. కొందరు కథనాన్నీ యాసలోనే నడుపుతారు. చిత్తూరు జిల్లా మాటలో రాసిన నామిని సుబ్రహ్మణ్యం నాయుడు కథల్లో కథ చెప్పే గొంతే ఆ పల్లె గొంతు. అక్కడ కథనానికీ ఒక పట్టీ కావాలి.

కట్టు దాటిన ప్రతి పదమూ తప్పు కాదు. ఇంట్లో ‘వస్తడు’ అన్న మనిషే తహసీల్దారు ఎదుట నిలబడి ‘వస్తాడండి’ అనవచ్చు. బస్తీలో చదువుకుంటున్న కొడుకు ఫోనులో ఒకలా, ఇంట్లో అమ్మతో ఒకలా మాట్లాడవచ్చు. అందుకని రూపం మారిన చోట ఎదుట ఎవరున్నారో చూడాలి. ఎదుటి మనిషి మారినప్పుడు మాట మారితే అది రచయిత చేసిన పని. ఎదుట అదే మనిషి, అదే సందర్భం ఉండి మాట మారితేనే ప్రశ్న.

ఇంకో రకం దోషం ఉంది, దాన్ని అక్షరాల్లో పట్టుకోలేం. ప్రతి పదమూ ఏదో ఒక ప్రాంతంలో ఒప్పే అవుతుంది, కానీ అన్నీ ఒక నోట్లో ఇమడవు. భద్రిరాజు కృష్ణమూర్తి తెలుగు నేలను మాట తీరును బట్టి నాలుగు మండలాలుగా చూశారు. తెలంగాణ ఒకటి, రాయలసీమ వైపుది ఒకటి, శ్రీకాకుళం-విశాఖ వైపుది ఒకటి, నడుమ కృష్ణా-గోదావరి మండలం ఒకటి. ఒకే వాక్యం వీటిలో ఎలా మారుతుందో చూడండి. నడిమి జిల్లాల్లో ‘వెళ్లిపోయాడు’ అంటే, తెలంగాణలో ‘పోయిండు’, సీమలో ‘పోయినాడు’, ఉత్తరాంధ్ర పల్లెల్లో ‘ఎల్లిపోనాడు’. ఉత్తరాంధ్ర రూపంలో ‘యి’ ఎగిరిపోయిందనుకుని ‘ఎల్లిపోయినాడు’ అని దిద్దేవారున్నారు. సీమవారి ‘పోయినాడు’ను పాత గ్రాంథికమనుకుని ‘పోయాడు’ చేసేవారూ ఉన్నారు. రెండూ అన్యాయమే. ఒకే పాత్ర ‘ఏటి’ అని ఉత్తరాంధ్ర ప్రశ్న వేసి, వెంటనే ‘వచ్చిండు’ అంటే మాత్రం రచయితను అడగాల్సిందే. ఆ మనిషి ఎక్కడ పుట్టి ఎక్కడ బతుకుతున్నాడో కథలో ఉందా? వలస వచ్చినవాడైతే ఆ కలయిక నిజం. లేకపోతే అది విన్న మాట కాదు, పల్లెటూరి మాట ఇలా ఉంటుందని ఊహించి కట్టింది.

ఇలాంటిదే ‘బయం’, ‘దైర్నం’, ‘మనిసి’ల సంగతి. దీనిమీద నాకు గట్టి అభిప్రాయం ఉంది. భయం అనే మాటను ఒత్తు లేకుండా పలకడం ఏ ఒక్క ప్రాంతానికో, చదువులేని వారికో చెందింది కాదు. మామూలు మాటల్లో చదువుకున్నవాళ్లూ చాలామంది అలాగే పలుకుతారు. కథలో పాలేరు నోట ‘బయం’ అని రాసి, పంతులు నోట ‘భయం’ అని రాస్తే, ఇద్దరి నోటా వచ్చిన ధ్వని ఒకటే అయినా ఒకరికే తక్కువతనం అంటగట్టినట్టవుతుంది. ‘దైర్నం’ వేరు. అక్కడ ‘ర్య’ ‘ర్న’గా నిజంగా మారింది, ఆ మార్పు వినిపిస్తుంది, దాన్ని ఉంచాలి. కాబట్టి ఒత్తు పోయిన మాట ఎదురైనప్పుడు పట్టీలన్నీ పక్కపక్కన పెట్టి చూడాలి. అందరి నోటా ఒత్తులు పోయి ఉంటే అది రచయిత పద్ధతి. పేదవారి నోటే పోయి ఉంటే, అది తప్పని చెప్పకపోయినా, అడగడం మన బాధ్యత.

కథలో సాక్ష్యం చాలనప్పుడు బయటికి వెళ్లాలి. వస్తువుల పేర్లయితే నిఘంటువులు ఆదుకుంటాయి. కృష్ణమూర్తి ఆధ్వర్యంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ తెచ్చిన ‘మాండలిక వృత్తి పదకోశం’ మొదటి సంపుటం 1962లో వ్యవసాయ పదాలతోనూ, రెండోది 1971లో చేనేత పదాలతోనూ వెలువడ్డాయి. నాగలి భాగాల పేర్లో, మగ్గం భాగాల పేర్లో ఒక్కో ప్రాంతంలో ఎలా మారతాయో వాటిలో చూడవచ్చు. అవి వృత్తి పదాల కోశాలు కనుక ‘పోనాడు’ లాంటి క్రియల సందేహాలకు అక్కడ జవాబు దొరకదు. వాటికి ఆ ఊరి మనిషే దిక్కు.

ఆ మనిషిని అడగడంలోనూ ఒక పద్ధతి ఉంది. “మీరు ‘కుసున్న’ అంటారా?” అని అడిగితే, మర్యాదకు అవునని అనేయవచ్చు. బడి గుర్తొచ్చి, “లేదండీ, కూర్చున్నాను అంటాం” అని దిద్దుకోనూవచ్చు. పదం మనం చెప్పకూడదు. “మీ అమ్మ వాకిట్లో మీ కోసం చాలాసేపు ఎదురుచూసింది. మీరొచ్చాక ఏమని చెప్తుంది?” అని సందర్భం ఇచ్చి ఊరుకోవాలి. ఆమె మాటలను వాళ్లు పలుకుతుంటే వినాలి, రాసి చూపించమనకూడదు. రాయమంటే ఎవరి చేయైనా పుస్తకం వైపే పోతుంది. అడిగే మనిషి పాత్ర వయసుకూ, బతుకు తీరుకూ దగ్గరగా ఉండాలి. డెబ్బై ఏళ్ల రైతు మాటను ఇరవై ఏళ్ల విద్యార్థితో సరిచూడడం కుదరదు. ఒకే జిల్లాలో మండలానికీ మండలానికీ తేడా ఉంటుంది కనుక, “మా దగ్గర అనరు” అన్న ఒక్కరి మాటతో కథలోని పదాన్ని కొట్టేయకూడదు. అనేవాళ్లు ఎవరూ దొరకనప్పుడే అనుమానం బలపడుతుంది.

చివరి మాట రచయితదే. ఆయనకు పంపే ప్రశ్నలు కూడా సూటిగా ఉండాలి. “యాస ఒకసారి చూసుకోండి” అని రాస్తే ఆయన కంగారుపడి, ఒప్పుగా ఉన్నవాటినీ మార్చేస్తారు. “నాలుగో పేజీలో తల్లి ‘కూసో’ అంది, తొమ్మిదో పేజీలో ‘కుసున్న’ అంది. రెండూ ఉంచాలా?” అని రాయాలి. జవాబు వచ్చాక దాన్ని పట్టీలో ఎక్కించి, ఆ కాగితాన్ని పేజీలు కట్టేవారికీ, ఆఖరి ప్రూఫు చూసేవారికీ చేర్చాలి. లేకపోతే మొదటి ప్రూఫులో కాపాడిన ‘వస్తడు’కు మూడో ప్రూఫులో ఇంకొకరు దీర్ఘం పెడతారు. కంప్యూటరులో ‘రీప్లేస్ ఆల్’ను ఈ కథల దగ్గరికి రానీయకూడదు. ఒకవేళ వాడినా, ఒక్కోదాన్నీ చూసి మార్చాలి.

రచయిత లేని కథల సంగతేమిటి? పాత కథలను మళ్లీ అచ్చు వేస్తున్నప్పుడు ఈ ప్రశ్న ఎదురవుతుంది. అప్పుడు దగ్గరున్న పుస్తకాన్ని ఒక్కదాన్నే నమ్మకుండా, ఆ కథ మొదట వచ్చిన పత్రిక ప్రతిని సంపాదించాలి. 1997లో కాళీపట్నం రామారావు శ్రీకాకుళంలో నెలకొల్పిన కథానిలయం పాత పత్రికలనూ కథల పుస్తకాలనూ సేకరించి ఉంచిన చోటు. ఇలాంటి పనికి అది పెద్ద ఆసరా. పత్రికలో ‘పోనాడు’ ఉండి, తర్వాతి సంకలనంలో ‘పోయినాడు’ అయితే, మార్చింది రచయితా, ప్రూఫ్‌రీడరా అన్నది చూడాలి. రచయిత బతికుండగా, తన చూపు పడిన సంకలనంలో మార్పు వచ్చి ఉంటే దాన్ని గౌరవించాలి. ఆయన పోయాక వచ్చిన ముద్రణలో మాత్రమే మారితే పత్రిక పాఠానికి తిరిగి వెళ్లడమే న్యాయం. రెండు ప్రతుల్లోనూ ఉండి మనకు బోధపడని రూపాన్ని ఉన్నది ఉన్నట్టే అచ్చువేసి, సంపాదకుడి మాటలో ఒక వాక్యం రాస్తే చాలు.